గునపం పడకముందు

మున్సిపల్ పనుల ఫైళ్లు తిరగేస్తే చాలావాటిలో ఒకే వాక్యం కనిపిస్తుంది: "పని స్థలం ఎలాంటి అడ్డంకులూ లేకుండా కాంట్రాక్టరుకు అప్పగించడమైనది." దాని కింద ఏఈ సంతకం, కాంట్రాక్టరు సంతకం, తేదీ. ఆ రోజు ఇద్దరూ కలిసి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచారో లేదో ఎవరూ అడగరు. జేసీబీ పళ్లకు తాగునీటి పైపు తగిలి వీధంతా మడుగయ్యాక మాత్రం ఆ కాగితం కోసం వెతుకులాట మొదలవుతుంది. అడ్డంకులు లేవని నువ్వే సంతకం పెట్టావుగా అంటారు ఆఫీసువాళ్లు. పైపు ఉందని మీరు చెప్పలేదుగా అంటాడు కాంట్రాక్టరు. ఇద్దరి చేతిలో ఉన్నదీ అదే వాక్యం.

ఆ వాక్యం ఉండాల్సిన చోట ఉండాల్సింది ఉమ్మడి సైట్ అప్పగింత పత్రం. పని చేయించే శాఖ, చేసే కాంట్రాక్టరు కలిసి స్థలం మీద నిలబడి, ఇవాళ్టికి ఇక్కడ పైన ఏముంది, కింద ఏం దొరికింది, ఎటు నుంచి ఎంతవరకు వెళ్లగలం అన్నవి ఉన్నదున్నట్టు రాసుకుని ఇద్దరూ సంతకం చేసేది. పంచనామా ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తీర్పు చెప్పదు, చూసింది చెబుతుంది. జాతీయ రహదారుల ఈపీసీ ఒప్పందాల్లో ఇది తప్పనిసరి. స్థలంలోని కట్టడాలు, చెట్లు, రోడ్డు పనులు అన్నీ జాబితా వేసి రెండు అసలు ప్రతులు తయారుచేయాలి. ఇంకా ఖాళీ చేసి ఇవ్వలేని భాగాలను అనుబంధంగా చేర్చాలి. పెద్ద రోడ్లకు ఇంత ఏర్పాటు ఉంది కాబట్టి, ఎక్కువ గొడవలు జరిగే మన వీధి పనుల సంగతే చూద్దాం.

మాదిరికి ఒక పని తీసుకుంటాను. డెల్టాలో నల్లరేగడి నేల మీద ఉన్న చిన్న పట్టణం. అందులో ఒక పాత వీధి వెంట 280 మీటర్ల వాన నీటి కాలువ కట్టాలి. తవ్వకం లోతు సుమారు మీటరున్నర. గడువు 120 రోజులు. వీధి నేను కల్పించిందే గానీ, అందులోని చిక్కుల్లో ఒక్కటీ కల్పితం కాదు. ఇలాంటి పనుల్లో అవి రోజూ ఎదురయ్యేవే.

ముందు మట్టం సంగతి తేల్చుకోవాలి. వీధి మొదట్లో ఉన్న గుడి మెట్టు ఎవరూ కదిలించనిది కాబట్టి దాన్ని బెంచ్‌మార్క్‌గా పెట్టుకుని, దాని మట్టం 100.000 మీటర్లు అనుకుంటారు. అక్కడి నుంచి లెవెల్ మిషన్‌తో పది మీటర్లకొకసారి రోడ్డు మట్టాలు తీసి లెవెల్ బుక్కులో రాస్తారు, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం పెడతారు. మట్టి పనికి బిల్లు వచ్చేది ఈ అంకెల నుంచే. ఒకసారి తవ్వేశాక పాత నేల ఎంత ఎత్తున ఉండేదో ఎవరూ నిరూపించలేరు. పైపుల లోతు కూడా ఈ మట్టానికే కట్టి రాయాలి. 'రోడ్డుకు 70 సెంటీమీటర్ల కింద పైపు' అని రాస్తే, పని మొదలయ్యాక పాత తారు గీకేసినప్పుడు ఆ 70 ఎక్కడి నుంచి కొలిచిందో తెలియకుండా పోతుంది.

ఆ తర్వాత ఇళ్లు. కాలువ వెంట ఉన్న ప్రతి గోడా, అరుగూ, ర్యాంపూ, సెప్టిక్ ట్యాంకు మూతా ఫొటో తీయాలి. ఫొటోలో చైనేజీ, తేదీ రాసిన పలక కనబడాలి. చైనేజీ అంటే కాలువ మొదలు నుంచి అక్కడికి ఎన్ని మీటర్లన్న కొలత. పలక లేని ఫొటో ఏడాది తర్వాత ఏ గోడదో తీసినవాడే చెప్పలేడు. ఈ వీధిలో 62వ మీటరు దగ్గర బురద మట్టితో రాళ్లు పేర్చి కట్టిన పాత ఇల్లు ఉంది. కిటికీ మూల నుంచి కిందికి ఒక పగులు, పొడవు మీటరుకు కాస్త పైన, వెడల్పు 2 మిల్లీమీటర్లు.

"అమ్మా, ఈ పగులు ఎప్పటిది?" అని అడుగుతాడు ఏఈ.

"పోయిన వానాకాలంలో వచ్చింది బాబూ. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. రేపు మీ మిషన్లు వచ్చాక ఇది పెద్దదైతే నేనెవరితో చెప్పుకోను?"

ఆమె అడిగిన దానికి చవకైన జవాబు ఒకటి ఉంది. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు పట్టీని రెండు కొసల్లో సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు సాగదు, పగులుతుంది. పగలకపోతే గోడ కదల్లేదన్నమాట. పత్రంలో ఆ ఇంటి నంబరు, పగులు కొలతలు, గాజు అతికించిన తేదీ రాసి ఇంటామె సంతకం కూడా తీసుకుంటే తర్వాత వాదన అంతా గాజు ముక్క చుట్టూనే తిరుగుతుంది, జ్ఞాపకాల చుట్టూ కాదు.

ఆ ఇంటి దగ్గర ఇంకో లెక్క కూడా రాసుకోవాలి. గోడ పక్కన చిన్న గుంట తీసి చూస్తే పునాది అడుగు 0.6 మీటర్ల లోతున ఉంది. తవ్వే కాలువ అంచు గోడకు 0.8 మీటర్ల దూరంలో వస్తుంది. పునాది అడుగు నుంచి తవ్వకం వైపు 45 డిగ్రీల వాలుగా ఒక గీత గీసుకుంటే, 0.8 మీటర్ల దూరానికి అది ఇంకో 0.8 కిందికి దిగి 1.4 మీటర్ల లోతుకు చేరుతుంది. మన తవ్వకం 1.5 మీటర్లు, అంటే గీత కిందికి వెళుతోంది. పునాదిని మోస్తున్న మట్టిలోకే గునపం దిగుతుందన్నమాట. కాబట్టి అక్కడ పలకలు, దిమ్మెలు బిగించి గట్టు కాపాడుకుంటూ తవ్వాలి, ఒకేసారి పొడుగ్గా తెరవకూడదు. ఈ సంగతి ముందే పత్రంలో ఉంటే దాని ఖర్చు ఎవరిదో ముందే తేలుతుంది. లేకపోతే గోడ వాలిన రోజున తేలుతుంది.

ఇక భూమి కింద. అసలు కథ ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటి పని కాగితాల మీద. నీటి సరఫరా విభాగం, విద్యుత్ పంపిణీ సంస్థ, టెలిఫోన్ కంపెనీలు, గ్యాస్ కంపెనీ ఉంటే అదీ, అందరి దగ్గరా ఉన్న మ్యాపులు అడగాలి. 2023 మార్చి 22న కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. తవ్వబోయేవాళ్లు చోటు చెబితే అక్కడ లైన్లున్న సంస్థలకు కబురు అందడం దీని ఉద్దేశం. మంచి ఏర్పాటే. అయితే అది కబురు చేరవేస్తుంది గానీ, పైపు ఎంత లోతున ఉందో చెప్పదు. ఏ శాఖ దగ్గరి మ్యాపైనా లైను వేయాలనుకున్న చోటును చూపిస్తుంది. వేసిన చోటు ఒక్కోసారి వేరు.

రెండోది నడక. వాల్వు చాంబర్లు, మ్యాన్‌హోళ్లు, కేబుల్ గుర్తు రాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నుంచి నేలలోకి దిగే కేబుళ్లు, తారు రోడ్డు మీద పాత కోతల అతుకులు. అతుకు ఎటు పోతే దాని కింద ఏదో ఒక లైను అటు పోయినట్టే. ఈ నడకలో వాటర్ లైన్‌మన్ తప్పకుండా పక్కనుండాలి. "మ్యాపు సంగతి నాకు తెలియదు సార్, ఈ వాల్వు కడితే ఆ చివర నాలుగిళ్ల కుళాయిలు ఆగిపోతాయి" అంటాడు అతను. అది ఊరికే చెప్పిన మాట కాదు, పరీక్షించి చూడగలిగిన సాక్ష్యం. వాల్వు తిప్పి, కుళాయిలు ఆగిన ఇళ్ల వరుస చూస్తే లైను ఎటు పోతోందో అర్థమవుతుంది.

మూడోది యంత్రం. కేబుల్ లొకేటరు కరెంటు పారే తీగ చుట్టూ ఉండే 50 హెర్ట్జ్ సంకేతాన్ని పట్టుకుంటుంది. ఆ సమయంలో కరెంటు పారని కేబుల్ దానికి వినబడకపోవచ్చు. ప్లాస్టిక్ పైపు అసలే వినబడదు. ఇక భూమిలోకి తరంగాలు పంపే రాడార్ ఉంది. పొడి ఇసుక నేలలో బాగా పనిచేస్తుంది గానీ, తడిసిన నల్లరేగడిలో ఆ తరంగాలు కొద్ది లోతుకే ఇంకిపోతాయి. అందుకే ఇలాంటి ఊళ్లో యంత్రం ఏమీ చూపించలేదంటే కింద ఏమీ లేదని అర్థం కాదు.

చివరికి నమ్మదగింది ట్రయల్ పిట్, అంటే చేత్తో తవ్వి కళ్లారా చూడటం. చదరపు గుంట కంటే, కాలువ వచ్చే వెడల్పంతా అడ్డంగా కోసే ఇరుకు కందకం మేలు. అరమీటరుకు కాస్త పైన వెడల్పు ఉంటే మనిషి దిగి పనిచేయగలడు. వీధి పొడుగునా పోయే పైపు గానీ కేబుల్ గానీ ఈ అడ్డ కోతను దాటకుండా పోలేదు. మన వీధిలో 20, 95, 150, 190 మీటర్ల దగ్గర నాలుగు కోతలు తీశారనుకుందాం.

20 దగ్గర పాత టెలిఫోన్ కేబుల్ ఒకటి దొరికింది, అంతే. 95 దగ్గర మ్యాపు ప్రకారం ఏమీ ఉండకూడదు, తాగునీటి పైపు అవతలి పక్కన ఉందని చూపిస్తోంది. కానీ కోతలో ఇళ్ల వైపునే, గోడకు ఒక మీటరు దూరంలో ఆస్బెస్టాస్ సిమెంటు పైపు బయటపడింది. అక్కడ రోడ్డు మట్టం 99.62, పైపు పైభాగం 98.92. సరిగ్గా కాలువ గోడ లేవాల్సిన చోటే ఉంది. పత్రంలో దాని పైభాగం మట్టం, బయటి వ్యాసం, దేనితో చేసింది, రెండు ఇళ్ల మూలల నుంచి టేపుతో కొలిచిన దూరాలు, నీళ్లు పారుతున్నాయని ఎవరు నిర్ధారించారు అన్నవి రాస్తారు. రెండు మూలల నుంచి దూరాలుంటే గుంట పూడ్చేసినా ఆ బిందువును మళ్లీ అక్కడే పట్టుకోవచ్చు. ఇక పాడుబడిందని అందరూ చెప్పే లైను గురించి ఒక నియమం: దాని శాఖ రాసి ఇచ్చేదాకా అందులో నీళ్లో కరెంటో ఉన్నట్టే లెక్క.

150 దగ్గర పని ఆగింది. అడుగున్నర లోతులోనే నల్లమట్టి మధ్య హఠాత్తుగా ఇసుక కనబడింది, దాని పైన వరసగా పరిచిన ఇటుకలు. తవ్వే మేస్త్రి గునపం పక్కన పెట్టేశాడు. ఇటుకల వరుస, ఇసుక పడక అంటే కింద కరెంటు కేబుల్ అని ఈ పని చేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. భూగర్భ కేబుళ్ల భారత ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్‌ను 0.9 మీటర్ల లోతున, 33 కేవీని 1.05 మీటర్ల లోతున వేయాలి. ఇక్కడ 11 కేవీ కేబుల్ దాదాపు సగం లోతులో ఉంది. ఒకప్పుడు అక్కడున్న తూము మీదుగా దాటించడానికి పైకి తెచ్చినట్టుంది, తూము పోయింది, కేబుల్ మిగిలింది. 0.9 దాకా ఫరవాలేదనుకుని జేసీబీ దింపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ప్రమాణంలోని లోతు వేసేవాళ్లు పాటించాల్సింది, తవ్వేవాళ్లు దాన్ని నమ్ముకుని తవ్వకూడదు. పంపిణీ సంస్థ మనిషిని పిలిచి, అతని సమక్షంలో కొలిచి, రోడ్డు మీద పెయింటుతో కేబుల్ దారి గీసి, కేబుల్ ఎవరు ఎప్పట్లోగా మారుస్తారో, అందుకయ్యే డబ్బు ఎవరు కడతారో పత్రంలో రాసుకున్నారు.

190 దగ్గర 0.9 మీటర్లు దిగేసరికి నీళ్లు ఊరాయి. మోటారు పెట్టి తోడినా గట్లు జారుతున్నాయి. ఇక్కడే చాలామంది జారిపోతారు. 'ఏమీ లేవు' అని రాసి పూడ్చేస్తారు. నిజానికి రాయాల్సింది ఇది: '0.9 మీటర్ల వరకు ఏమీ కనబడలేదు. నీరు ఊరడం వల్ల దాని కింద చూడలేదు.' తవ్వాల్సింది మీటరున్నర, చూసింది 0.9. మిగిలిన 60 సెంటీమీటర్లు తెలియని నేల. రేపు అక్కడ పాత పింగాణీ డ్రైనేజీ పైపు బయటపడిందనుకోండి, 'ఏమీ లేవు' అన్న పత్రం కాంట్రాక్టరును ముంచుతుంది. 'చూడలేదు' అన్న పత్రం ఉంటే ఇద్దరూ కూర్చుని అదనపు ఖర్చు మాట్లాడుకునే వీలుంటుంది. అదీ ఒప్పందంలోని షరతులను బట్టే సుమా. స్థలాన్ని పూర్తిగా పరిశీలించుకుని తృప్తి చెందే టెండరు వేశానని కాంట్రాక్టరు చేత ముందే రాయించుకునే ఒప్పందాలు చాలా ఉన్నాయి.

ఈ అడ్డ కోతలకు ఒక లోపం ఉంది. పొడుగునా పోయేవాటిని అవి పట్టుకుంటాయి గానీ, మెయిన్ పైపు నుంచి ఒక్కో ఇంట్లోకి అడ్డంగా వెళ్లే సన్నని కుళాయి గొట్టాలు కోతకు సమాంతరంగా పోతాయి కాబట్టి తప్పించుకుంటాయి. కాలువ తవ్వేటప్పుడు ఎక్కువగా తెగేవి అవే. వాటికి కోతలు పనికిరావు. ప్రతి ఇంటి ముందూ ఆగి, కుళాయి ఎక్కడి నుంచి లోపలికి వెళుతోందో, వాడిన నీరు ఎక్కడి నుంచి బయటికి వస్తోందో ఇంటివాళ్లను అడిగి చైనేజీతో సహా రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, ఇంటింటికీ ఆగాలి. ఆ జాబితా ఉన్న చోట గొట్టం తెగినా గంటలో అతుకు పడుతుంది.

దారి సంగతికి వస్తే, వీధి కాగితం మీద 20 అడుగులు. అరుగులు, మెట్లు పోగా లారీ దూరే వెడల్పు 14 అడుగులే ఉంది. ఒక చోట కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. టిప్పరు కిందినుంచి వెళ్లిపోగలదు గానీ అక్కడ తొట్టె లేపి కంకర దింపడానికి వీల్లేదు. కాబట్టి కంకర దించే చోటు ఆ తీగలకు దూరంగా, గుడి పక్క ఖాళీ జాగాలో అని రాశారు. ఆ జాగా ప్రైవేటుది, యజమాని ఎప్పటిదాకా ఒప్పుకున్నాడో కూడా రాశారు. వీధి మొగలో బడి ఉంది కాబట్టి పిల్లలు వచ్చే వేళ, వెళ్లే వేళ యంత్రాలు తిరగకూడదు. బుధవారం సంత. ఇవన్నీ చిన్న సంగతుల్లా కనిపిస్తాయి. కానీ రోజుకు ఎన్ని గంటలు పని సాగుతుందో తేల్చేవి ఇవే, గడువు 120 రోజులకు సరిపోతుందో లేదో తేలేదీ ఇక్కడే.

గడువు దగ్గర మన పత్రాలన్నీ ఒక విషయం మరిచిపోతాయి. ఈ పనిలో 210వ మీటరు తర్వాత ఒక దుకాణం గోడ కాలువ దారిలో ఉంది, కోర్టు స్టే కూడా ఉంది. కాబట్టి 0 నుంచి 210 వరకు అప్పగించి, మిగిలిన 70 మీటర్లు అప్పగించలేదని కారణంతో సహా రాశారు. సరే. ఆ 70 మీటర్లు 60వ రోజున చేతికొచ్చాయనుకుందాం. అరవై రోజుల గడువు పెంచమంటాడు కాంట్రాక్టరు. నీకు పని చేసుకోవడానికి 210 మీటర్లు ఉంది కదా, ఒక్క రోజూ ఇవ్వమంటుంది ఆఫీసు. లెక్క వేస్తే ఇద్దరిదీ తప్పే. నీళ్లు పల్లానికి పోవాలి కాబట్టి కాలువను దిగువ చివర నుంచి ఎగువకే కట్టుకుంటూ రావాలి, సున్నా దిగువ చివరనే ఉంది. సామాను, మనుషులను దించడానికి పది రోజులు. రోజుకు ఆరు మీటర్ల చొప్పున 210 మీటర్లకు 35 రోజులు. అంటే 45వ రోజుకు అతను ఆ గోడ ముందు ఆగుతాడు. 60వ రోజు వరకు ఖాళీ. అతనికి రావాల్సింది 15 రోజులు. పత్రంలో 'అప్పగించలేదు' అని మాత్రమే ఉంటే ఈ లెక్క వేయడానికి ఆధారం ఉండదు. 'ఈ భాగం ఫలానా రోజుకల్లా కావాలి' అన్న తేదీ కూడా పక్కన ఉండాలి.

స్థలం చూపించని యజమాని విషయంలో చట్టం ఎప్పుడో మాట్లాడింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 67వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. ఇల్లు బాగుచేస్తానని ఒకరు ఒప్పుకున్నారు, ఎక్కడెక్కడ బాగుచేయాలో చూపించడానికి ఇంటాయన నిరాకరించాడు. ఆ కారణంగా పని జరగకపోతే ఒప్పుకున్నవాడి తప్పు లేదు అంటుంది చట్టం. ఉమ్మడి పత్రంలో దారి గురించి, అప్పగింత గురించి రాసే ప్రతి పంక్తికీ వెనక ఉన్నది ఈ న్యాయమే.

పత్రం ఆఫీసులో కూర్చుని రాసిందో, వీధిలో నిలబడి రాసిందో చూడగానే చెప్పొచ్చు. లోతులన్నీ సరిగ్గా ఒక మీటరు, ఒక మీటరు అని ఉంటే అది కొలిచింది కాదు. 'చూడలేదు', 'తెరవలేకపోయాం' అన్న మాట ఒక్కటీ లేకపోతే అనుమానించాలి, ఎందుకంటే 280 మీటర్ల వీధిలో అన్నీ తెలియడం అసాధ్యం. కరెంటు, నీటి శాఖల తరఫున వచ్చినవాళ్ల హోదా, సంతకం లేకుండా 'సంబంధిత సిబ్బంది సమక్షంలో' అని ఉంటే ఎవరూ రాలేదనే అర్థం. అన్నిటికన్నా ముందు, సంతకాల తేదీనీ ఫొటోల తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి. సంతకం ముందు, ఫొటో తర్వాత ఉన్న పత్రాలు తక్కువేమీ కాదు.

ఇంకొక మాట, దీన్ని తవ్వడానికి అనుమతిగా పొరబడకూడదు. రోడ్డు కోత అనుమతి, కరెంటు ఆపి పనిచేసుకోవడానికి ఇచ్చే లైన్ క్లియరెన్స్ విడిగా తీసుకోవాల్సినవే.

వీధిలో ఇల్లున్నవాళ్లు పని మొదలుకాకముందే తమ గోడ, ర్యాంపు, కుళాయి గొట్టం ఆ పత్రంలోకి ఎక్కించమని అడగొచ్చు. ఎక్కించారో లేదో తెలియకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 2(జే) ప్రకారం రికార్డుల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించే హక్కు కూడా పౌరులకు ఉంది. దరఖాస్తులో "సైట్ వివరాలు" అని గుండుగుత్తగా అడిగితే అంచనా నకలు చేతిలో పెట్టి పంపిస్తారు. అందుకే పని పేరు, ఒప్పందం నంబరు రాసి, సైట్ అప్పగింత పత్రం, ట్రయల్ పిట్ కొలతలు, పని ముందటి లెవెల్ బుక్కు పేజీలు, ఫొటోలు, తర్వాత చేర్చిన అనుబంధ పేజీలు అని విడివిడిగా అడగాలి. మన వీధిలో అయితే ఆ చివరి మాట మరీ ముఖ్యం. స్టే తొలగి 70 మీటర్లు చేతికొచ్చిన రోజున మళ్లీ అందరూ కలిసి నడవాలి, అక్కడ కూడా ఒక అడ్డ కోత తీయాలి, అది అనుబంధ పేజీలోనే నమోదవుతుంది.